వదలను, వదిలాను: రెండు భాషల్లో ఒకే పెళ్ళి మాట

మా అక్క కూతురి పెళ్ళి ఇంకో నెల ఉందనగా, కాలిఫోర్నియా నుంచి పెళ్ళికొడుకు వీడియో కాల్‌లో నాకు ఒక తెలుగు వాక్యం అప్పజెప్పాడు. ఐరిష్ మూలాలున్న అమెరికన్ కుర్రాడు. తెలుగు రాదు గాని పెళ్ళి నాటికి నాలుగు మాటలైనా తెలుగులో చెప్పి తీరాలన్న పట్టుదల ఉంది. అతను చెప్పాల్సింది "నీ చెయ్యి ఎప్పటికీ వదలను" అని. నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ వినిపించింది "వదిలాను" అనే. పక్కన కూర్చున్న మా అమ్మ, అంటే పెళ్ళికూతురి అమ్మమ్మ, ఫోను దగ్గరికి చెవి తెచ్చి విని, "ఏమంటున్నాడే? అప్పుడే వదిలేశాడా?" అని కంగారుగా అడిగింది.

అతని తప్పేమీ లేదు. ఇంగ్లీషులో 'కాదు' అన్న మాట క్రియకు ముందే వచ్చి విడిగా నిలబడుతుంది. క్రియను ఎంత అస్తవ్యస్తంగా పలికినా ఆ 'నాట్' వినిపిస్తే చాలు. తెలుగులో కాదనడం క్రియ కడుపులోనే ఉంటుంది. వదలను, వదిలాను, వదులుతాను: ఈ మూడింటికీ తేడా ఒకటి రెండు అచ్చుల్లోనో, ఒక అక్షరంలోనో ఉంది. అక్కడ నాలుక కాస్త జారిందంటే మాట తిరగబడిపోతుంది. పైగా మనకు గట్టి మాటలన్నీ ఇలా కాదనే రూపంలోనే వస్తాయి. వదలను, మరవను, తప్పను అంటాం. పెళ్ళిలో పెళ్ళికొడుకు చేత చెప్పించే 'నాతిచరామి' కూడా అలాంటిదే, అతిక్రమించను అని.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను పట్టుకుంది. అంతవరకూ అనువాదాలు చేయడమే నా పని. ఆ తర్వాత మరో అయిదారు జంటలకు పెళ్ళి మాటలు రాయడంలో సాయపడ్డాను. అందరివీ తెలుగు ఒక వైపు, ఇంగ్లీషు మరో వైపు ఉన్న పెళ్ళిళ్ళే. ఒకే మాట రెండు భాషల్లో ఒకే బరువుతో దిగాలంటే ఏం చేయాలో ఇప్పటిదాకా చట్టాలు, పాత పెళ్ళి విధులు, ఇప్పటి అలవాట్లు చూపించిన దారులను ఒకచోట పెట్టి చూడాలనిపించింది.

ముందు చట్టం సంగతి. ఇక్కడ చాలామంది అనవసరంగా భయపడతారు. కాలిఫోర్నియా కుటుంబ చట్టం ఫలానా మాటలే చెప్పాలని అడగదు. పెళ్ళి జరిపించే వ్యక్తి ముందు, సాక్షుల ముందు, ఇద్దరూ ఒకరినొకరు జీవిత భాగస్వామిగా స్వీకరిస్తున్నట్టు ప్రకటిస్తే చాలు. న్యూయార్క్ చట్టం ధోరణి కూడా ఇదే. మన దేశంలో వేరు వేరు మతాల వాళ్ళు చేసుకునే పెళ్ళికి ఆధారమైన 1954 ప్రత్యేక వివాహ చట్టం 12వ సెక్షన్‌లో చెప్పాల్సిన వాక్యం ఉంది. వివాహ అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ముందు ఒకరితో ఒకరు ఆ వాక్యం చెప్పుకోవాలి. కానీ ఏ భాషలో? వధూవరులకు అర్థమయ్యే ఏ భాషలోనైనా. 1967లో తమిళనాడు హిందూ వివాహ చట్టానికి చేర్చిన 7ఎ సెక్షన్, ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చినప్పుడు, అదే షరతు పెట్టింది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ఒక ప్రతిజ్ఞ పాఠాన్ని ఇచ్చి, దానితో పాటు ఆ అర్థమే వచ్చే వేరే మాటలకూ చోటిచ్చింది.

ఈ చట్టాల్లో నాకు పనికొచ్చింది 'అర్థమయ్యే భాష' అన్న షరతు. తెలుగు రాని పెళ్ళికొడుకు చిలకలా తెలుగు వాక్యం అప్పజెబితే సభ చప్పట్లు కొడుతుంది, ముచ్చటగానే ఉంటుంది. కానీ ఏం చెబుతున్నాడో తెలియకుండా ఇచ్చిన మాట మాట కాదు. వేల్స్‌లో ఈ సమస్యను ప్రభుత్వమే నెత్తిన వేసుకుంది. 1949 వివాహ చట్టం ప్రకారం పెళ్ళిలో పలకాల్సిన ఇంగ్లీషు మాటలకు సరిసమానమైన వెల్ష్ పాఠాన్ని అధికారికంగా తయారుచేసి అక్కడి రిజిస్ట్రార్లకు ఇవ్వాలి. ఇక ఎవరికి తోచిన అనువాదం వాళ్ళు చేసుకోనక్కర్లేదు. మనలాంటి జంటలకు ఆ సౌకర్యం లేదు, ఎవరి పాఠం వాళ్ళు రాసుకోవాల్సిందే.

పాత పెళ్ళి విధుల్లో ఇంకా ఆసక్తికరమైన సంగతి ఉంది. మధ్యయుగాల ఇంగ్లండులో పెళ్ళి తంతు మొత్తం లాటిన్‌లో నడిచేది. కానీ వధూవరులు ఒకరికొకరు చెప్పుకునే మాటలు మాత్రం అప్పుడు కూడా మాతృభాషలోనే ఉండేవి. దేవుడితో మాట్లాడటానికి పూజారికి లాటిన్ ఉంది. మనిషి మనిషికి మాట ఇవ్వాలంటే ఇంటి భాష కావాలి. 1549లో థామస్ క్రాన్మర్ ప్రార్థనా గ్రంథం తంతునంతా ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, ఆ మాటలను కొత్తగా అనువదించాల్సిన పని పెద్దగా పడలేదు.

ఆ మాటలు కూడా రాతిమీద చెక్కినవి కావు. మరణం మనల్ని వేరు చేసేదాకా అనే చోట మొదట 'డిపార్ట్' అన్న క్రియ ఉండేది. అప్పట్లో దానికి విడదీయడం అని అర్థం. వందేళ్ళు గడిచేసరికి ఆ క్రియకు వెళ్ళిపోవడం అన్న అర్థమే మిగిలింది. అందుకని 1662లో ఆ చోట మాట మార్చారు. అర్థం నిలబడాలంటే మాటను మార్చక తప్పలేదన్నమాట. ఇదంతా ఒకే భాష లోపల జరిగింది. రెండు భాషల మధ్య ఈ అవసరం ఇంకెంత ఉంటుందో చూసుకోవచ్చు.

మన పెళ్ళి వైపు వస్తే, ఇంగ్లీషు పెళ్ళిలో ఉన్నట్టు వధూవరులు ఎదురెదురుగా నిలబడి మాట ఇచ్చుకునే ఘట్టం అందులో ఉందా అన్నది మొదటి ప్రశ్న. 'నాతిచరామి' ఉంది కదా అంటారు. ధర్మార్థకామాల్లో ఈమెను అతిక్రమించకూడదని అడిగేది పెళ్ళికూతురి తండ్రి. అతిక్రమించనని పెళ్ళికొడుకు బదులు చెప్పేది ఆ తండ్రికి. పెళ్ళికూతురు చెప్పే మాట అక్కడ లేదు, ఆమెకు చెప్పే మాట కూడా లేదు. మరి సప్తపది? తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ సూత్రం ప్రకారం మొదటి అడుగు అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతం కోసం, నాలుగోది సుఖం కోసం, అయిదోది పశువుల కోసం, ఆరోది రుతువుల కోసం, ఏడోది యజ్ఞ కర్మల కోసం. అడుగడుగునా విష్ణువు నీ వెంట నడవాలని వరుడు వధువును దీవిస్తాడు. అంటే ఇవి ఆకాంక్షలు, ప్రమాణాలు కావు. చెప్పేది కూడా అతనొక్కడే.

విదేశాల్లో జరిగే పెళ్ళిళ్ళలో అతిథుల చేతికి ఒక కార్డు ఇస్తారు. అందులో 'ఏడు ప్రమాణాలు' అంటూ ఇంగ్లీషులో ఏవేవో ఉంటాయి. నేను చూసినవాటిలో చాలావరకు ఉత్తరాది పెళ్ళిళ్ళ ఏడు వచనాలకూ మన ఏడడుగులకూ కలిపి వేసిన ముడి. మండపం మీద పంతులుగారు చదువుతున్నది ఒకటి, కార్డులో ఉన్నది మరొకటి. ఇంగ్లీషు వాళ్ళకు తెలియదు, తెలుగు వాళ్ళు కార్డు చదవరు. రెండు వైపులా ఒకే మాట దిగాలన్న లెక్కలో ఇంతకంటే పెద్ద తప్పు ఉండదు. ఎందుకంటే ఇక్కడ దిగకపోవడం అన్న సంగతే ఎవరికీ తెలియదు.

కానీ ఏడో అడుగు తర్వాత ఒక చోటుంది. ఏడడుగులు కలిసి నడిచిన వధువును వరుడు అక్కడ సఖీ అని పిలుస్తాడు. నీ స్నేహం నుంచి నేను, నా స్నేహం నుంచి నువ్వు విడిపోకూడదు అన్న అర్థం వచ్చే మాటలు చెబుతాడు. మొత్తం తంతులో రెండు వైపులా ఒకే తూకంతో ఉన్న మాట నాకు కనిపించింది ఇక్కడే. ఇద్దరూ సొంతంగా ఇచ్చుకునే మాట పెట్టాలంటే దీని పక్కనే పెట్టాలని నా అభిప్రాయం. మా అక్క కూతురి పెళ్ళిలో అక్కడే పెట్టించాం.

ఇక మాటలు రాయడం. అందరూ వెళ్ళే దారి ఏమిటంటే ముందు ఇంగ్లీషులో అందంగా రాసుకుని తర్వాత తెలుగు చేయించడం. మా పిల్లలూ అలాగే పంపారు. ఒక పేజీ నిండా ఉంది. అందులో మూడు చోట్ల తెలుగు మొరాయించింది.

మొదటిది 'యూ' అన్న మాట. ఇంగ్లీషులో ఇద్దరూ 'యూ' అంటారు, సమానం. తెలుగులోకి రాగానే అది నువ్వా, మీరా అన్నది తేల్చాలి. మా అక్క పట్టుబట్టి అమ్మాయి చేత 'మీరు' అనిపించింది. అబ్బాయికి నేర్పినవాళ్ళు 'నువ్వు' నేర్పారు. ఇలా సాగితే ఇంగ్లీషు వింటున్నవాళ్ళకు ఇద్దరు సమానుల మాట వినిపిస్తుంది, తెలుగు వింటున్నవాళ్ళకు ఒక మెట్టు పైన ఒకరు, కింద ఒకరు నిలబడి చెబుతున్న మాట వినిపిస్తుంది. అంటే రెండు పెళ్ళిళ్ళు జరుగుతున్నట్టు. "అక్కా, వాళ్ళిద్దరూ ఇంట్లో ఏమని పిలుచుకుంటారు?" అని అడిగాను. పేర్లతోనే అంది. "మరి ఆ రోజు ఒక్కరోజు ఎవరి కోసం మీరు?" అంటే కాసేపు ఆలోచించి ఊరుకుంది. ఇద్దరికీ 'నువ్వు' అనే ఖాయం చేశాం. ఇది అందరికీ వర్తించే తీర్పు కాదు. గోదావరి జిల్లాల వాళ్ళ పెళ్ళి ఒకదానిలో ఇద్దరి చేతా 'మీరు' అనిపించాం, అదీ సమానమే. చాలా తెలంగాణ ఇళ్ళలో 'నువ్వు'లో చిన్నచూపు వినిపించదు కాబట్టి అక్కడ ఈ పేచీయే రాదు. ఏదైనా సరే, ఇద్దరి నోటా ఒకటే రావాలి.

భార్య, భర్త అన్న మాటల్లోనూ ఈ మెట్టు ఉంది. రెండూ భరించడం అన్న ఒకే ధాతువు నుంచి వచ్చాయి. భర్త భరించేవాడు, భార్య భరించబడేది. వినేవాళ్ళకు ఆ అర్థం ఇప్పుడు తట్టకపోవచ్చు గాని, రాసేటప్పుడు నేను ఆ రెండు మాటలూ తప్పించి 'నువ్వు, నేను'తోనే నడిపిస్తాను. అలా రాస్తే ఇద్దరికీ ఒకే పాఠం సరిపోతుంది.

రెండోది మరణం. ఇంగ్లీషు పెళ్ళిలో చావు మాట ఎత్తడం మామూలే, అది ఆ మాటకు గాంభీర్యం ఇస్తుంది. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో కూడా తరతరాలుగా గుళ్ళో వింటున్న మాటే కాబట్టి ఎవరూ ఉలిక్కిపడరు. కానీ పసుపు బట్టల మీద ఉన్న పిల్లల నోట ఆ మాట వింటే మా అమ్మలాంటి వాళ్ళు తట్టుకోలేరు. నేను వెళ్ళిన ఒక పెళ్ళిలో అబ్బాయి 'చచ్చేదాకా' అన్నాడు. ఎవరు నేర్పారో గాని, పాపం అతను ప్రాణం పెట్టి చెప్పాడు, ముందు వరసలో పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు. దానికి మందుగా 'ఏడేడు జన్మలకీ' అని రాద్దామంది మా అక్క. పెళ్ళికొడుకు ఒప్పుకోలేదు. "మళ్ళీ జన్మ ఉందని నాకు నమ్మకం లేదు. నమ్మకం లేనిదాని మీద మాట ఎలా ఇవ్వను?" అన్నాడు. అతను అన్నది న్యాయం. ఒకరి భాషలో అశుభం, మరొకరి భాషలో అబద్ధం అయ్యే మాటలు రెండూ పక్కన పెట్టాం. చివరికి 'నా ఊపిరి ఉన్నంత కాలం' అన్నది నిలిచింది. ఆ మాటలో గడువు ఉంది, చావు పేరు లేదు. ఇంగ్లీషులో కూడా సహజంగా ఉంది. అందుకోసం ఇంగ్లీషు పాఠాన్నే మార్చాం. ఈ పనిలో నేను నేర్చుకున్న అసలు విద్య ఇదే. ఒక భాష మొరాయించినప్పుడు దాని మెడ వంచకూడదు, రెండో భాషలో రాసుకున్నదాన్ని తిరగరాయాలి.

మూడోది అన్నిటికంటే చిక్కు. ఇంగ్లీషు పాఠంలో పెళ్ళికొడుకు 'మీ కుటుంబాన్ని గౌరవిస్తాను' అన్న అర్థంలో ఒక మాట రాశాడు. తెలుగు చేసినవాళ్ళు 'మీ అమ్మానాన్నల్ని చూసుకుంటాను' అని రాశారు. వినడానికి ఎంత బాగుందో. మా అక్క చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు మాత్రం గుండె జారింది. తెలుగులో తల్లిదండ్రుల్ని 'చూసుకోవడం' అంటే ఊరికే ఆదరించడం కాదు. వయసు మళ్ళాక దగ్గర పెట్టుకోవడం, మందూ మాకూ డబ్బూ దస్కం అన్నీ అందులో ఉన్నాయి. అతను ఇచ్చింది మర్యాద, అక్క అందుకున్నది జీవితకాలపు హామీ. పదేళ్ళ తర్వాత ఏదో ఒక రాత్రి 'నువ్వు పెళ్ళిలో మాటిచ్చావు' అని ఆమె, 'నేను ఆ మాట ఇవ్వలేదు' అని అతను అంటే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు.

ఇక్కడ మాట వెతికితే లాభం లేదు. అతన్నే అడగాలి. "అక్కావాళ్ళకు ఏమైనా అయితే నువ్వు నిజంగా ఏం చేస్తావు బాబూ?" అని అడిగాను. ఆలోచించి చెప్పాడు: "ఫోను వస్తే తనతో పాటు విమానం ఎక్కుతాను. తనను ఒంటరిగా పంపను." అదే రాశాం. 'మీ అమ్మానాన్నలకు అవసరం వచ్చినప్పుడు నీతో పాటు నేనూ వెళ్తాను.' ఇది ఏ భాషలో చెప్పినా అంతే, ఎక్కువా కాదు, తక్కువా కాదు. కళ్ళకు కనిపించే పని చెబితే రెండు భాషల మధ్య తేడా దాక్కోవడానికి చోటుండదు. గౌరవం, ఆదరం, ప్రేమ లాంటి మాటల్లోనే అది దాక్కుంటుంది.

ప్రేమ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 'నిన్ను ప్రేమిస్తాను' అని పెళ్ళిపీటల మీద తెలుగులో అంటే ఇంకా ప్రేమించలేదా అన్నట్టుంటుంది, లేదంటే సినిమా డైలాగులా ఉంటుంది. ఇంగ్లీషులో 'చెరిష్' అని ఒక క్రియ ఉంది, పెళ్ళి మాటల్లో శతాబ్దాలుగా నలిగింది. దానికి తెలుగు లేదంటారు గాని ఉంది. 'అపురూపంగా చూసుకోవడం' అచ్చంగా అదే. దొరకని వస్తువు దొరికితే ఎలా చూసుకుంటామో అలా. ఇది వాళ్ళ మాటకు తీసికట్టు కాదు.

మాట ఇవ్వడానికి ఏ మాట వాడాలన్నదీ తేల్చుకోవాల్సిందే. ప్రమాణం అంటే మంత్రులు గుర్తొస్తారు, వాగ్దానం అంటే ఎన్నికలు గుర్తొస్తాయి. క్రైస్తవుల చెవికి వాగ్దానం దేవుడు ఇచ్చేది. ఒట్టు పిల్లలది. బాస పాటల్లో బాగుంటుంది. 'మాట ఇస్తున్నాను' అన్నదే మనం ఇంట్లో, వీధిలో, అప్పు తీసుకునేటప్పుడు, పిల్లనిచ్చేటప్పుడు వాడేది. ఇంగ్లీషులో కూడా మాట ఇవ్వడం అన్న పలుకుబడి అచ్చంగా ఉంది. ఇంత అదృష్టం తరచుగా దొరకదు, దొరికినప్పుడు వదులుకోకూడదు. అలాగే 'నీతో ఉంటాను' అన్నది కాస్త చూసి వాడాలి. ఫోను పెట్టేసేటప్పుడు 'ఉంటాను మరి' అనే మనకు, ఒంటరిగా నిలబడిన 'ఉంటాను' సెలవు తీసుకున్నట్టు వినబడుతుంది. దాని ముందు ఏదైనా పని తగిలించాలి.

అక్కడికి మళ్ళీ మొదటి వాక్యం దగ్గరికి వచ్చాం. 'వదలను' అతని నోట తిరగలేదు. నెల రోజులు సాధన చేయిస్తే తిరిగేదేమో గాని, మండపం మీద పొగ, మేళం, కంగారు మధ్య మళ్ళీ జారితే? 'వదలను' తీసేసి 'పట్టుకునే ఉంటాను' పెట్టాం. కాదనే రూపం పోయి అవుననే రూపం వచ్చింది. 'పట్టుకునే'లో ఒక అచ్చు అటూ ఇటూ అయినా అర్థం తిరగబడదు. 'వదలను'లో ఉన్న ఆ బిగువు కాస్త తగ్గిన మాట నిజం. నాకు కొంచెం బాధగానే ఉంది. అయినా అమ్మాయి కూడా 'పట్టుకునే ఉంటాను' అనే చెప్పాలని పట్టుబట్టాను. తను 'వదలను' అనగలదు కదా అని వేరేగా రాస్తే మళ్ళీ ఇద్దరి మాటలూ వేరైపోతాయి.

చివరికి నిలిచిన పాఠం ఇది. ఇద్దరికీ ఇదే.

నిన్ను అపురూపంగా చూసుకుంటాను.
నీ మాట నాకు నచ్చకపోయినా చివరిదాకా వింటాను.
నీకు ఒంట్లో బాగాలేనప్పుడు నీ పక్కన కూర్చుంటాను.
మీ అమ్మానాన్నలకు అవసరం వచ్చినప్పుడు నీతో పాటు నేనూ వెళ్తాను.
నా ఊపిరి ఉన్నంత కాలం నీ చెయ్యి పట్టుకునే ఉంటాను.
ఇది నేను నీకిస్తున్న మాట.

తెలుగులో 35 మాటలు. ఇంగ్లీషు పాఠంలో 56. మాటల లెక్క అలా ఉన్నా నోటితో చెబితే రెండూ ఇంచుమించు ఒకే సమయం పట్టాయి, అర నిమిషం. ప్రతి వాక్యం పూర్తి వాక్యం కావడం ముఖ్యం. ఇంగ్లీషు పెళ్ళిళ్ళలో పాస్టరు ఒక్కో ముక్క చెబుతుంటే వధూవరులు వెంట చెబుతారు. అక్కడ 'ఐ విల్' ముందే వచ్చేస్తుంది కాబట్టి ముక్కలు చేసినా మాట ఎటు పోతుందో తెలుస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. 'నీకు ఒంట్లో బాగాలేనప్పుడు' అని ఆపి, పంతులుగారి వెంట మళ్ళీ చెప్పించి, ఊపిరి తీసుకుంటే సభ అంతా గాలిలో వేలాడుతుంది. అందుకే వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒక్క ఊపిరిలో అయిపోవాలి. 'మీ అమ్మానాన్నలు' దగ్గర పెళ్ళికొడుకు, 'నువ్వు' అని చెబుతూ మధ్యలో 'మీ' ఎందుకని అడిగాడు. మన దగ్గర అమ్మానాన్నలు ఒక్కరి సొత్తు కాదు, ఇంటిల్లిపాదికీ చెందుతారు కాబట్టి అని చెబితే అతనికి ఆ వాక్యం మీద ఇష్టం ఇంకా పెరిగింది.

ఈ పాఠం సరిగ్గా ఉందా అని రెండు రకాలుగా చూశాం. విజయవాడలో కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితురాలికి, ఇంగ్లీషు పాఠం చూపించకుండా, తెలుగు ఒక్కటే ఇచ్చి ఇంగ్లీషు చేయమన్నాను. తిరుగు అనువాదాన్ని అసలు ఇంగ్లీషు పక్కన పెట్టి చూడటం ఒప్పంద పత్రాలకూ మందుల కాగితాలకూ చేసే పనే. 'చూసుకుంటాను' ఉన్న పాత పాఠం ఆమెకు ఇచ్చినప్పుడు పెద్దవాళ్ళను ఇంట్లో పెట్టుకుంటానన్న అర్థంలో రాసి పంపింది. నా గుండె జారింది ఊరికే కాదని తేలిపోయింది. కానీ ఈ పరీక్షకు కంత ఒకటుంది. నువ్వూ మీరూ రెండూ ఇంగ్లీషులో 'యూ'యే అవుతాయి కాబట్టి ఆ మెట్టు తిరుగు అనువాదంలో కనిపించనే కనిపించదు. అశుభం కనిపించదు. 'ఉంటాను'లోని సెలవు కనిపించదు. వాటికి చెవి కావాలి. అందుకని ఇంగ్లీషు రాని మా అమ్మకు తెలుగు పాఠం, తెలుగు రాని పెళ్ళికొడుకు నాయనమ్మకు ఇంగ్లీషు పాఠం ఫోనులోనే చదివి వినిపించాం, కాగితం ఇవ్వలేదు. పెళ్ళిలో ఎవరూ చదవరు, వింటారు.

ఎవరు ఏ భాషలో చెప్పాలన్నదానికీ రకరకాల పద్ధతులున్నాయి. ఎవరి భాషలో వాళ్ళు చెప్పి అనువాదం కార్డులో అచ్చేయడం తేలిక, కాని సభలో సగం మంది తల దించుకుని చదువుతుంటారు. ఎదుటివారి భాషలో ఒక్కటే చెప్పడం ముచ్చట, కాని 'అర్థమయ్యే భాష' షరతు అక్కడ బలహీనపడుతుంది. ఒక్కో వాక్యం వెంటనే రెండు భాషల్లో చెబితే పెళ్ళి మాట కాస్తా విమానంలో ప్రకటనలా తయారవుతుంది. మేం నాలుగు ముక్కలుగా పెట్టాం. ముందు అమ్మాయి తెలుగులో, వెంటనే అబ్బాయి తెలుగులో. తర్వాత అబ్బాయి ఇంగ్లీషులో, వెంటనే అమ్మాయి ఇంగ్లీషులో. ఒకే పాఠం ఒకే భాషలో రెండు గొంతుల్లో వెంటవెంటనే వినిపించినప్పుడే, ఇద్దరూ ఒకటే మాట ఇచ్చుకున్నారని పెద్దవాళ్ళకు తెలుస్తుంది.

మేళం వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. మన పెళ్ళిలో ముఖ్యమైన ఘట్టం వచ్చిందంటే గట్టిమేళం మోగుతుంది. ఏ అపశ్రుతీ చెవిన పడకూడదనే ఆ ఏర్పాటు. ఇంగ్లీషు పెళ్ళిలో ముఖ్యమైన ఘట్టానికి నిశ్శబ్దం పాటిస్తారు. మంగళసూత్రం దగ్గర మాటలు పెట్టిన ఒక జంట పెదవులు కదలడం తప్ప ఎవరికీ ఏమీ వినిపించలేదు. మా పంతులుగారిని అడిగితే, ఏడడుగులయ్యాక అరుంధతిని చూపించబోయే ముందు అయిదు నిమిషాలు ఇస్తానన్నారు. "శాస్త్రానికి అడ్డం లేదమ్మా, స్నేహం మాటే కదా" అన్నారు. సన్నాయి ఆయన చేతికి పళ్ళెంలో కాఫీ పంపించి కూర్చోబెట్టాం.

అబ్బాయి తెలుగు అంత సాఫీగా ఏమీ రాలేదు. 'అపురూపంగా' దగ్గర రెండుసార్లు ఆగాడు. 'పట్టుకునే ఉంటాను' మాత్రం తడబడలేదు. సాయంత్రం భోజనాలయ్యాక మా అమ్మను, ఆ నాయనమ్మను పక్కపక్కన కూర్చోబెట్టి, మధ్యలో నేను కూర్చుని, పిల్లల మాటల్లో మీకు గుర్తున్నది ఏమిటని విడివిడిగా అడిగాను. మా అమ్మ, "ఒంట్లో బాగాలేకపోతే పక్కన కూర్చుంటానన్నాడు చూడు, అది" అంది. అది నేను ఇంగ్లీషులో ఆవిడకు చెప్పేలోపే, ఆవిడ నా చెయ్యి పట్టుకుని, తన భర్త చివరి రోజుల్లో తను ఆయన మంచం పక్కనే కూర్చుందని, మనవడు ఆ వాక్యం చెబుతుంటే ఆ కుర్చీయే కళ్ళ ముందుకు వచ్చిందని చెప్పింది.